పాత పీఎఫ్, కొత్త ఇంటిపేరు

ఉద్యోగం మానేసి మూడేళ్లు దాటితే పీఎఫ్ మీద వడ్డీ ఆగిపోతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా గుర్తులేదు. ఆ మాట నమ్మి ఎనిమిదేళ్లు దాని జోలికి పోలేదు. ఆగిపోయినదాని వెనక తిరగడం ఎందుకులే అనుకున్నాను.

2010 జూన్‌లో విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరాను. పోర్టు పక్కనే. ఎండాకాలం కిటికీ తెరిస్తే టేబుల్ మీద బొగ్గు దుమ్ము. 2016 మార్చిలో మానేశాను. అప్పటికి పాపకి ఏడాదిన్నర. దాన్ని చూసుకునే మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. రెండేళ్లలో మళ్లీ చేరిపోతాననే అనుకున్నాను, ఎనిమిదేళ్లు పట్టింది. ఈలోపు నా పేరున ఉన్న ఆర్డీ అత్తయ్య ఫిజియోథెరపీకి పోయింది. నా హారం, నాలుగు గాజులు బ్యాంకులో లక్షా ఇరవై వేలకి తాకట్టుకి వెళ్లాయి. ఏటా వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించేవాళ్లం, అసలు అలాగే ఉండిపోయింది.

2024 ఫిబ్రవరి ఒకటో తేదీన గాజువాకలో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో చేరాను. అంతకుముందు రెండు ఇంటర్వ్యూలు పోయాయి. నేను మానేసినప్పుడు సర్వీస్ ట్యాక్స్ ఉండేది, తిరిగొచ్చేసరికి జీఎస్టీ. పక్కవీధిలో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర మూడు నెలలు డబ్బు తీసుకోకుండా కూర్చుని రిటర్నులు వేయడం నేర్చుకున్నాను. మూడో ఇంటర్వ్యూ చేసినాయన మధ్యలో ఎనిమిదేళ్ల ఖాళీ గురించి అడగలేదు. సప్లయర్లు ఎక్కించిన బిల్లులు చూపించే జీఎస్టీ పత్రం 2బీలో ఒక బిల్లు కనబడకపోతే ఏం చేస్తావమ్మా అని అడిగాడు. చెప్పాను. అంతే.

జీతం 24 వేలు. అందులో బేసిక్ 16 వేలు. పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 పోను చేతికొచ్చేది 22 వేలు. ఈ బేసిక్ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే గొడవ వచ్చింది.

చేరిన రోజు ఫారం 11 అని ఒకటి నింపించారు. పీఎఫ్‌కి సంబంధించిన డిక్లరేషన్. ఇంతకుముందు పీఎఫ్ ఉందా, 1995 పింఛను పథకంలో సభ్యులా, పాత యూఏఎన్ నంబరెంత అని అడుగుతుంది. యూఏఎన్ అంటే ఎన్ని ఉద్యోగాలు మారినా మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు. నా దగ్గర పాత జీతం స్లిప్పు ఒకటి మిగిలింది, యూఏఎన్ దానిమీదే ఉంది. ఇచ్చాను. హెచ్ఆర్ అబ్బాయి రెండుసార్లు ప్రయత్నించి, "మేడమ్, ఆధార్ లింక్ అవట్లేదండి, పేరు మ్యాచ్ కావట్లేదు" అన్నాడు.

ఎందుకు అవుతుంది? పీఎఫ్‌లో నేను ఎల్. వసుంధర, అంటే లంక వసుంధర. ఆధార్‌లో పెదిరెడ్ల వసుంధర. పెళ్లయ్యాక ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు అన్నీ మార్చాం. పీఎఫ్‌లో పేరుంటుందని, అదీ మార్చాలని ఎవరికి తడుతుంది? ఆధార్ లేని యూఏఎన్‌కి కంపెనీ డబ్బు జమ చేయలేదు, 2021 నుంచి అదే పద్ధతి. అందుకని ఆ అబ్బాయి కొత్త యూఏఎన్ పుట్టించేశాడు. తన పని అయిపోయింది. నాకు మాత్రం రెండు యూఏఎన్‌లు, రెండు పేర్లు.

ఆ సంగతి నాకు రెండు నెలల దాకా తట్టలేదు. బంగారం రెన్యువల్ నోటీసు వచ్చిన రోజు మా ఆయన, "నీ పాత పీఎఫ్ ఏదో ఉండాలి కదా, అది తీస్తే ఇది తీరిపోదా" అన్నారు. వడ్డీ కూడా రాని డబ్బు ఎంతుంటుందిలే అన్నాను. అయినా ఒక శనివారం సెలవు పెట్టి గోపాలపట్నం నుంచి మర్రిపాలెం వెళ్లాను, మాకు దగ్గరే. పీఎఫ్ ఆఫీసుకి తాళం! శని, ఆదివారాలు వాళ్లకి సెలవని అక్కడ వాచ్‌మన్ చెబితే తెలిసింది. సోమవారం మళ్లీ వెళ్లాను.

కౌంటర్లో ఆవిడ నా పాత స్లిప్పు, ఆధార్, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం అన్నీ చూసి, కాసేపు కొట్టి, స్క్రీన్ కొంచెం నావైపు తిప్పింది. 1,92,000 చిల్లర. నేను మానేసిన ఏడాది స్లిప్పులో ఉన్నది 1,09,000. చూసింది తప్పేమో అనుకుని మళ్లీ చదివాను.

"వడ్డీ ఆగిపోతుందన్నారండీ" అన్నాను.

"అప్పట్లో ఆపారమ్మా. 2016 నవంబర్లో రూలు మార్చారు. ఇప్పుడు 58 ఏళ్ల దాకా వస్తుంది. ఇంకా పోయినేడు వడ్డీ పడలేదు, అది పడితే రెండు లక్షలు దాటుతుంది" అంది ఆవిడ.

నేను విన్న మాట అబద్ధం కాదన్నమాట, పాతబడిన నిజం. 2011 ఏప్రిల్ నుంచి, మూడేళ్లపాటు కదలని ఖాతాలకి నిజంగానే వడ్డీ ఆపేశారు. నేను మానేసిన ఏడాదే అది పోయింది. ఈ మధ్యలో 8.1 శాతం కంటే తగ్గిన ఏడాదే లేదు. నా చేతిలో ఉన్న డబ్బు అంతా కరిగిపోయిన కాలంలో, నేను మర్చిపోయిన డబ్బొక్కటే దాదాపు రెట్టింపైంది. ఒక మెలిక కూడా ఉంది. ఉద్యోగం మానేశాక వచ్చిన వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు, ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది ఆదాయంలో కలుపుకోవాలి. నాకు ఆ ఎనిమిదేళ్లూ వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను పడలేదు. ఈ మధ్యలో ఇల్లు అద్దెకిచ్చో, ట్యూషన్లు చెప్పో సంపాదించినవాళ్లు మాత్రం చూసుకోవాలి.

తీసేసుకోవచ్చా అని అడిగాను. ఇప్పుడు కుదరదంది. అప్పటి రూలు ప్రకారం ఉద్యోగంలో లేనప్పుడైతే మొత్తం తీసుకోవచ్చు, మళ్లీ పీఎఫ్ ఉన్న చోట చేరాక పాతది కొత్తదానికి బదిలీ చేసుకోవాల్సిందే. జబ్బు, ఇల్లు, పిల్లల పెళ్లి లాంటివాటికి అప్పట్లో అడ్వాన్సు ఉండేది గానీ, ఆ జాబితాలో బంగారం విడిపించుకోవడం ఉండేది కాదు. చేరకముందే వచ్చుంటే ఆ డబ్బు మొత్తం బ్యాంకుకి పోయేది. ఆలస్యంగా వెళ్లడం ఒక్కోసారి కలిసొస్తుంది.

బదిలీకి ఆవిడ రెండు అడ్డంకులు చెప్పింది. ఒకటి పేరు. రెండోది నాకు వింతగా అనిపించింది. రికార్డు ప్రకారం నేనింకా ఆ పాత ఆఫీసులోనే పనిచేస్తున్నాను. మానేసిన తేదీ వాళ్లు ఎక్కించలేదు. ఆధార్ లింకైన ఖాతా అయితే ఆ తేదీ మనమే ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు, 2020 నుంచి ఆ వీలుంది. నాది లింక్ కాలేదు కాబట్టి పాత యజమానే పెట్టాలి. పేరు మార్పుకి జాయింట్ డిక్లరేషన్ అనే కాగితం. అందులో నేనూ పాత యజమానీ ఇద్దరం సంతకం పెట్టాలి.

ఎనిమిదేళ్ల తర్వాత పాత పోస్టాఫీసు మెట్లెక్కాను. కింద ఇరానీ చాయ్ కొట్టు తీసేశారు. పైన ఆఫీసు అలాగే ఉంది, గోడ రంగు మారింది. హెడ్ అకౌంటెంటు గారు కళ్లజోడు నుదుటిమీదికి తోసి, "ఏమ్మా వసుంధరా, పాప ఎన్నో క్లాసు?" అన్నారు. వచ్చిన పని చెప్పాను. "మానేసిన తేదీ అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదమ్మా, ఇప్పుడు నీలాంటివాళ్లు నెలకి ఇద్దరొస్తున్నారు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన పెద్దాయన, ఏమీ అనలేదు.

తేదీ ఆ వారంలోనే పెట్టారు. డిక్లరేషన్ మాత్రం రెండుసార్లు వెనక్కొచ్చింది. మొదటిసారి నేను 'తప్పు పేరు' గడిలో 'లంక వసుంధర' అని రాశాను. రికార్డులో ఉన్నది 'ఎల్. వసుంధర'. వాళ్ల దగ్గర ఏముందో అక్షరం అక్షరం అదే రాయాలి, మనకి తెలిసిన పూర్తి పేరు కాదు. రెండోసారి, సంతకం పెట్టిన భాగస్వామి పేరు పీఎఫ్ ఆఫీసులో అధికారిక సంతకందారుగా నమోదై లేదు. ఆ కొత్త భాగస్వామి వచ్చి మూడేళ్లయింది, వాళ్లు మార్పించుకోలేదు. పాత భాగస్వామి హైదరాబాదులో ఉంటే కొరియర్లో పంపించి సంతకం తెప్పించాను. ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి పత్రం నకళ్లు జత చేశాను. పదో తరగతిలో లంక, ఆధార్‌లో పెదిరెడ్ల, రెండింటినీ కలిపేది పెళ్లి పత్రమే. మా పెళ్లి సింహాచలంలో జరిగింది. అప్పుడు రిజిస్ట్రేషన్ ఎందుకని అందరూ అంటే మా నాన్న పట్టుబట్టి చేయించారు. ఆయన ఇప్పుడు లేరు.

మే నెలలో మొదలుపెట్టింది, ఆగస్టుకి పేరు మారింది. కొత్త యూఏఎన్‌తో లాగిన్ అయి `One Member - One EPF Account (Transfer Request)` అనే చోట పాత ఖాతా వివరాలిచ్చి, ధ్రువీకరణకి ఇప్పటి కంపెనీని ఎంచుకున్నాను. అప్పట్లో పాతవాళ్లనీ ఎంచుకునే వీలుండేది గానీ, మళ్లీ ఆ మెట్లెక్కే ఓపిక లేదు.

ఆ లాగిన్‌లోనే అసలు సంగతి బయటపడింది. కొత్త పాస్‌బుక్ మొదటిసారి తెరిచి చూశాను. ప్రతి నెలకీ మూడు గడులుంటాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను వాటా. నాకు 1,800, 1,800, సున్నా. అకౌంట్స్ మనిషిని కదా, సున్నా కనబడితే కన్ను అక్కడే ఆగుతుంది. 15 వేల పరిమితి మీద యజమాని కట్టే 1,800లో 1,250 పింఛనుకి పోయి, మిగతా 550 పీఎఫ్‌లో పడాలి. నాకు మొత్తం పీఎఫ్‌లోనే పడుతోంది.

హెచ్ఆర్ అబ్బాయిని అడిగితే, "మీ బేసిక్ 15 వేలు దాటింది కదండీ, కొత్తవాళ్లకి పెన్షన్ రాదు" అన్నాడు. రూలు తప్పుగా చెప్పలేదు, నాకు తప్పుగా పెట్టాడు. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి చేరుతూ, చేరేనాటికే 15 వేలు దాటినవాళ్లకి అది. నేను 2010 నుంచి ఆ పథకంలో ఉన్నదాన్ని, పింఛను డబ్బు వెనక్కి తీసుకోలేదు. నా సభ్యత్వం కొనసాగాలి. ఫారం 11 నకలు తీయించి చూస్తే, పింఛను సభ్యులా అన్న చోట 'కాదు' అని టిక్కుంది. సంతకం నాది, టిక్కు ఆ అబ్బాయిది. చదవకుండా సంతకం పెట్టిన తప్పు మాత్రం నాదే.

ఇంట్లో చెబితే మా ఆయన లెక్క వేశారు. నెలకి 1,250 పీఎఫ్‌లోనే ఉంటే ఈ వడ్డీకి ఇరవై ఏళ్లలో ఏడున్నర లక్షలవుతుంది. పింఛనైతే నాకు 58 వచ్చాక నెలకి ఐదు వేల పైచిలుకు. ఎలాగంటే పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 2014 ఆగస్టు దాకా చేసిన ఏళ్లకి జీతం 6,500 అనే లెక్క, తర్వాతవాటికి 15 వేలు. "ఆ డబ్బు మన దగ్గరుంటేనే మేలు కదే, ఎందుకీ తిరుగుడు" అన్నారు.

అంకెల్లో ఆయన మాట తీసిపారేసేది కాదు, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ అది మనం ఎంచుకునే విషయం కాదు. సభ్యత్వం ఉన్నవాళ్లకి కట్టాల్సిందే. ఇప్పుడు వదిలేస్తే రేపు క్లెయిమ్ పెట్టిన రోజు ఇదే తేడా పట్టుకుని వెనక్కి పంపుతారు. అప్పటికి ఈ అబ్బాయి ఉండడు, ఈ కంపెనీ ఉంటుందో లేదో. పైగా పింఛనుకి కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. నాకు పాతది ఐదేళ్ల పది నెలలుంది. మధ్యలో ఖాళీ లెక్కలోకి రాదు, అలాగని పాతదాన్ని చెరిపెయ్యదు కూడా. ఆరు నెలలు, ఆపైన ఉన్న తునకని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి, ఇంకో మూడేళ్ల ఎనిమిది నెలలు చేస్తే గట్టెక్కుతాను. సర్వీసులో ఉండగా నాకేదైనా అయితే ఇంటికి కుటుంబ పింఛను కూడా దీన్నుంచే వస్తుంది. ఏడున్నర లక్షలు మా ఇంట్లో ఇరవై ఏళ్లు కదలకుండా ఉంటాయన్న నమ్మకం నాకు అసలే లేదు. ఆ చివరి మాట ఆయనకి చెప్పలేదు.

పీఎఫ్ వాళ్లు ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' అని ఒక శిబిరం పెడతారు, ఫిర్యాదులన్నీ అక్కడ నేరుగా వింటారు. ఆగస్టు 27న వెళ్లాను. పాత స్లిప్పు, ఫారం 11 నకలు, పాస్‌బుక్ ప్రింటు. అధికారి రెండు నిమిషాల్లో పట్టేశాడు. సరిదిద్దిన ఫారం 11తో కంపెనీ ఉత్తరం రాయాలి, ఫిబ్రవరి నుంచి పడిన 1,250లని ఒకటో ఖాతా నుంచి పదో ఖాతాకి మళ్లిస్తామన్నాడు. వాళ్ల భాషలో ఒకటో ఖాతా అంటే పీఎఫ్, పదో ఖాతా అంటే పింఛను. కంపెనీ నుంచి ఉత్తరం కదలడానికి నెల పట్టింది. "ఒక్కరి కోసం ఇంతా" అని ఒకరు గొణిగారు. మా మేనేజరు గారు మాత్రం, "మిగతావాళ్లవీ చూడండి" అన్నారు. చూస్తే ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ ఆడవాళ్లే, ఖాళీ తర్వాత చేరినవాళ్లే.

అక్టోబర్ నుంచి మూడో గడిలో 1,250 కనబడింది. పాత నెలలవి మారడానికి జనవరి దాకా పట్టింది. నవంబర్లో పాత పీఎఫ్ బదిలీ అయి వచ్చింది: 2,18,000 చిల్లర. పింఛను గడిలో మాత్రం ఏమీ రాలేదు. మళ్లీ గుండె జారింది. మర్రిపాలెం కౌంటర్ ఆవిడే ఊరడించింది. పింఛను డబ్బు బదిలీ కాదట, సర్వీసు కాలం మాత్రమే వస్తుంది. అది సర్వీస్ హిస్టరీలో చూసుకోవాలి, బదిలీతో వచ్చే అనెగ్జర్ కె అనే కాగితంలోనూ ఉంటుంది. చూశాను. 2010 జూన్, 2016 మార్చి. రెండు తేదీలూ సరిగ్గా ఉన్నాయి.

ఇక చేతిలో డబ్బు. పీఎఫ్‌లో ఎంతున్నా అది అవసరానికి అందేది కాదు. 22 వేలల్లో అత్తయ్యని పగలు చూసుకునే ఆమెకి 5,000. అత్తయ్య మొదట్లో, "ఓలమ్మా, నా కోసం నీ జీతం పరాయివాళ్లకి పోతాంది" అని బాధపడింది గానీ, ఇప్పుడు వాళ్లిద్దరికీ టీవీ సీరియల్ స్నేహం కుదిరింది. బస్సులకీ ఆటోలకీ 1,500. బంగారం లోనుకి 6,000, పోస్టాఫీసు ఆర్డీకి 3,000. మిగతాది ఇంట్లోకి. లోను మీద వడ్డీ 9 శాతం, ఆర్డీకి వచ్చేది 6.7. లెక్క ప్రకారం ఆ 3,000 కూడా లోనుకే కట్టాలి. మొదటి మూడు నెలలు అలాగే చేశాను. నాలుగో నెల పాపకి జ్వరమొచ్చి, చేతిలో రూపాయి లేక మా తమ్ముడిని అడగాల్సి వచ్చింది. అప్పటి నుంచి లెక్క పక్కనపెట్టి ఆర్డీ కడుతున్నాను.

బంగారం లోనుకి మధ్యలో ఎంత కట్టినా తీసుకుంటారని కూడా ఇన్నాళ్లూ తెలీదు. ఏటా వడ్డీ కట్టి రెన్యువల్ చేయించడమే పద్ధతి అనుకున్నాం. జీతం పడిన మర్నాడే 6,000 కట్టేస్తే అసలు కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. మా బ్రాంచిలో సగం తీరాక గాజులు ముందు ఇవ్వమంటే, ఒకే లోను కాబట్టి విడదీయలేమన్నారు. ఈసారి తాకట్టు పెట్టాల్సి వస్తే రెండు లోన్లుగా పెడతాను.

2025 డిసెంబర్లో తీరింది. బ్యాంకులో కవరు సీలు నా ఎదురుగానే చించి, అప్రైజరు గారు ఒక్కో వస్తువూ తూకం వేసి, పాత చీటీతో సరిచూసి నా ముందు పెట్టారు. గాజులు అక్కడే వేసుకుందామని చూశాను. ఎక్కలేదు, చెయ్యి లావైంది. కవర్లోనే పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను, ఆ రోజు రిటర్ను ఆఖరి తేదీ.